పదే పదే పాడయ్యే ఫోన్: మళ్లీ రిపేరు కాదు, మార్చి ఇవ్వమని అడగడం

ఫోన్ కంపెనీల వారంటీ పత్రాల్లో దాదాపు ఒకే షరతు కనిపిస్తుంది. లోపం బయటపడితే బాగుచేయాలా, విడిభాగం మార్చాలా, ఫోన్ మొత్తం మార్చి ఇవ్వాలా అన్నది కంపెనీయే నిర్ణయిస్తుందని అది చెబుతుంది. మూడోసారి, నాలుగోసారి అదే లోపంతో వచ్చిన మనిషికి సర్వీస్ సెంటర్ కౌంటర్లో చూపించేది ఈ షరతునే. కొన్నవాళ్లలో చాలామంది అక్కడితో ఆగిపోతారు. నిజానికి వారంటీ పత్రం కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట మాత్రమే. కొన్నవారికి చట్టం ఇచ్చిన హక్కు దానికంటే పెద్దది.

ఆ హక్కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఇది 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. వస్తువుకు ఉండాల్సిన నాణ్యతలో, ప్రమాణంలో ఏ కొరత ఉన్నా దాన్ని చట్టం లోపంగానే చూస్తుంది. లోపం రుజువైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఏమేం ఆదేశించవచ్చో 39వ సెక్షన్ చెబుతుంది: లోపాన్ని సరిచేయించడం, అలాంటిదే లోపంలేని కొత్త వస్తువు ఇప్పించడం, ధరను వడ్డీతో వాపసు ఇప్పించడం, నష్టపరిహారం ఇప్పించడం. అక్కడ ‘కొత్త’ అన్న మాట స్పష్టంగా ఉంది. కాబట్టి వాడిన ఫోన్‌ను బాగుచేసి, పెట్టెలో పెట్టి చేతికిస్తే తీసుకుతీరాలని లేదు. వీటిలో ఏది తగినదో నిర్ణయించేది కమిషన్, కంపెనీ కాదు.

అయితే రెండుసార్లు రిపేరుకు వెళ్లింది కదా అని ఫోన్ మార్చి ఇప్పించే నియమం చట్టంలో ఎక్కడా లేదు. ఇన్నిసార్లు పాడైతే మార్చి తీరాలన్న లెక్క కూడా లేదు. మారుతి ఉద్యోగ్‌పై సుశీల్ కుమార్ గబ్‌గోత్రా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పును కంపెనీల న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. అది కారు కేసు. క్లచ్‌లో లోపం వచ్చింది, కింది ఫోరాలు కారు మార్చి ఇవ్వమన్నాయి. వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేనంటూ సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కనపెట్టింది. సి.ఎన్. అనంతరాం కేసులోనూ, అది కూడా కారు గురించే, వస్తువులో తయారీ లోపం ఉందని స్వతంత్ర నిపుణుడు తేలిస్తే ధర వాపసు పొందవచ్చని చెప్పింది.

ఫోన్ విషయంలోనూ వాదన ఇక్కడే తేలుతుంది. ఒక విడిభాగం చెడిపోయి, మార్చాక ఫోన్ బాగా పనిచేస్తే కొత్త ఫోన్ అడగడం కష్టం. భాగాలు మార్చినా అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే అది తయారీలోనే ఉందని వాదించవచ్చు. విఫలమైన రిపేర్లే అందుకు సాక్ష్యమవుతాయి. సర్వీస్ సెంటర్ ‘మళ్లీ బాగుచేస్తాం’ అన్న ప్రతిసారీ, లోపం పోలేదన్న రికార్డు దాని చేతుల మీదుగానే తయారవుతుంది. కాకపోతే అది కాగితం మీద సరిగ్గా పడాలి.

ఊహాత్మకంగా ఒక కేసు తీసుకుందాం. ఖమ్మంలో ఒక ఉపాధ్యాయురాలు జనవరి 10న రూ.22,000 పెట్టి ఫోన్ కొన్నారు. మార్చి మొదట్లో తెర కింది భాగంలో టచ్ పనిచేయడం మానేసింది. సర్వీస్ సెంటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి ఇచ్చింది. ఏప్రిల్‌లో మళ్లీ అదే లోపం వస్తే డిస్‌ప్లే మార్చారు. జూన్‌లో మదర్‌బోర్డు మార్చారు. జూలై 20న అదే చోట టచ్ మళ్లీ ఆగింది. ‘ఇంకోసారి డిస్‌ప్లే మారుస్తాం, ఫోన్ వదిలి వెళ్లండి మేడమ్’ అన్నది ఇప్పుడొచ్చిన జవాబు.

ఆమె దగ్గర మూడు జాబ్ షీట్లు ఉన్నాయి. వాటిలో ఏం రాసి ఉందన్న దానిపైనే కేసు బలం చాలావరకు ఆధారపడుతుంది. మూడింటిలోనూ ‘తెర కింది భాగంలో టచ్ పనిచేయడం లేదు’ అని ఉంటే, ఒకే లోపం మూడుసార్లు వచ్చిందని ఎవరికైనా తెలుస్తుంది. ఒకదానిలో ‘హ్యాంగ్ అవుతోంది’, ఇంకోదానిలో ‘డిస్‌ప్లే సమస్య’, మరోదానిలో ‘సాఫ్ట్‌వేర్ చెకప్’ అని ఉంటే, అవి మూడు వేర్వేరు చిన్న సమస్యలని, మూడింటినీ సరిచేశామని కంపెనీ వాదిస్తుంది. ఉద్యోగి తన వాడుక ప్రకారం పొట్టిగా కొట్టేస్తాడు, కొన్నవారు చదవకుండా సంతకం పెడతారు. లోపాన్ని తమ మాటల్లోనే, ప్రతిసారీ ఒకేలా రాయించడం కొన్నవారు చేయగల అన్నిటికంటే విలువైన పని. లోపం కనిపిస్తున్నప్పుడు తీసిన వీడియో కూడా పనికొస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపానికైతే అది తప్పనిసరే అనాలి. కౌంటర్లో అది కనిపించకపోతే ‘లోపం కనబడలేదు’ అని రాసి వెనక్కి ఇచ్చేస్తారు.

ఫోన్ తిరిగి తీసుకునేటప్పుడు మరో కాగితం వస్తుంది. ఫోన్ సంతృప్తికరంగా అందిందన్న సంతకం అది. అక్కడే పది నిమిషాలు వాడి చూసి సంతకం పెట్టడం మంచిది. చూసే వీలు లేకపోతే ‘పరీక్షించకుండా తీసుకున్నాను’ అని సంతకం పక్కన రాయాలి. ఏ భాగం మార్చారో కూడా అందులో ఉండేలా చూసుకోవాలి. ముఖ్యంగా మదర్‌బోర్డు మార్చినప్పుడు ఫోన్ ఐఎంఈఐ నంబరు మారిపోవచ్చు. బిల్లులో ఒక నంబరు, ఫోన్‌లో మరో నంబరు ఉంటే, బిల్లులోని ఫోన్ ఇదేనా అన్న ప్రశ్న తర్వాత పుడుతుంది. `*#06#` నొక్కితే తెర మీద కనిపించే నంబరును జాబ్ షీట్‌తో సరిచూసి, మారినట్టు రాతపూర్వకంగా తీసుకుంటే ఆ చిక్కు ఉండదు.

జూలై 20న ఆమె ఏం చేయాలి? ఫోన్ ఊరికే వదిలేసి వస్తే నాలుగో రిపేరుకు ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. ఏమీ చెప్పకుండా వెనక్కి తెచ్చుకుంటే, రిపేరు చేస్తామంటే ఇవ్వలేదని కంపెనీ అంటుంది. ఫోన్ పరీక్షకు ఇస్తూనే, ఇది నాలుగోసారి అదే లోపమని, రిపేరుకు కాక మార్చి ఇవ్వడానికే అప్పగిస్తున్నానని జాబ్ షీట్‌లో రాయించడం మధ్యేమార్గం. ఉద్యోగి రాయనంటే ఆ రోజే కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపాలి. అందులో కొన్న తేదీ, ధర, ఐఎంఈఐ నంబరు, ప్రతి జాబ్ షీట్ నంబరు, తేదీ, ప్రతిసారీ చేసిన మరమ్మతు వరుసగా ఉండాలి. చివర కోరిక ఒకటే ఉండాలి: కొత్త ఫోన్, లేదా ధర వాపసు, 15 రోజుల్లో. కోపంతో నాలుగు పేజీలు రాస్తే ఆ వరుస మరుగున పడిపోతుంది. అప్పగించే ముందు ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు వేరే చోట దాచుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

గడువు దాటినా జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. చాలా ఫిర్యాదులకు ఇక్కడే పరిష్కారం దొరుకుతుంది, కానీ హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. ఈ దశలో వాడి బాగుచేసిన ఫోన్ ఇస్తామన్న ప్రతిపాదన రావచ్చు. తీసుకోవడం తప్పు కాదు. కానీ అది కొత్తదా కాదా, దానికి వారంటీ ఎంతకాలం అన్నది రాతలో తీసుకోకుండా ఒప్పుకుంటే తర్వాత అడగడానికి దారి మిగలదు.

ఆ తర్వాతి మెట్టు జిల్లా కమిషన్. పాత చట్టంలో ఎదుటిపక్షం ఉన్న చోటో, వివాదం పుట్టిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు నివాసమున్న జిల్లాలోనే వేయవచ్చు. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా ఖమ్మం ఉపాధ్యాయురాలికి ఖమ్మం కమిషన్ చాలు. రూ.5 లక్షల వరకు విలువ ఉన్న ఫిర్యాదుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. తయారీదారును, అమ్మిన దుకాణాన్ని, సర్వీస్ సెంటర్‌ను ముగ్గురినీ ఎదుటిపక్షంగా చేర్చాలి. ఒకరిని వదిలేస్తే మిగతావారు బాధ్యతను ఆ లేనివారి మీదకు నెడతారు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. లోపం వారంటీలో ఉండగానే నమోదై ఉంటే, ఈలోగా వారంటీ గడువు ముగిసిందన్న ఒక్క కారణంతో కేసు పోదు.

చట్టం ప్రకారం పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైనది ఐదు నెలల్లో తేలాలి. వాస్తవంలో అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది, దీన్ని ముందే తెలుసుకుని దిగాలి. పరీక్ష లేకుండా లోపం తేల్చలేమనుకుంటే కమిషన్ ఫోన్‌ను ల్యాబ్‌కు పంపవచ్చు, ఆ ఫీజు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. తరచూ పోయి వచ్చిన జాబ్ షీట్లనే చాలినంత సాక్ష్యంగా తీసుకున్న కమిషన్లూ ఉన్నాయి. పై ఉదాహరణలో ఒకే లోపం, మూడు రకాల మరమ్మతులు, ఏడు నెలల్లోపు అన్నవి కలిసి బలమైన కేసు అవుతాయి.

ఓడిపోయే కేసుల్లో కనిపించేవి దాదాపు ఒకటే. సిమ్ ట్రే దగ్గర ఉండే చిన్న స్టిక్కరు నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. దాని ఫొటో ఒక్కటి చూపి కంపెనీ వారంటీ తోసిపుచ్చుతుంది. అందుకే మొదటిసారి ఇచ్చేటప్పుడే ఫోన్ ఫొటోలు తీసుకుని, పగుళ్లు, నీటి ఆనవాళ్లు లేవని జాబ్ షీట్‌లో రాయించాలి. మధ్యలో బయటి దుకాణంలో విప్పించినా అంతే. ఒకసారి స్పీకరు, ఒకసారి ఛార్జింగ్, మరోసారి కెమెరా పాడైతే ఒకే తయారీ లోపం ఉందని చూపడం కష్టం. అలాంటప్పుడు సేవాలోపం కింద పరిహారం అడగడమే ఎక్కువగా నిలుస్తుంది.

ఫిర్యాదులో కొత్త ఫోన్ లేదా ధర వాపసు అని రెండూ కోరాలి. కేసు తేలే నాటికి ఆ మోడల్ మార్కెట్లో ఉండకపోవచ్చు, అప్పుడు కమిషన్ ధరను వడ్డీతో ఇప్పించవచ్చు. కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయాలంటే 45 రోజుల్లో చేయాలి, ఆదేశించిన సొమ్ములో సగం ముందే జమ చేయాలి. ఆదేశాన్ని పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.25,000కు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు.