సంగటి ముద్దలో క్యాల్షియం ఎంత? వారం తిండి లెక్క కట్టేదిలా..

కర్నూలు, కడప ప్రాంతాల్లో చాలా ఇళ్లలో ఇప్పటికీ వారంలో మూడు, నాలుగు రోజులైనా రాగి సంగటి ఉంటుంది. రాగుల్లో క్యాల్షియం ఎక్కువని అందరికీ తెలుసు. అందుకే ‘మేం సంగటి తింటాం కదా, మాకు క్యాల్షియం కొరత ఎందుకుంటుంది?’ అనుకుంటారు. డాక్టరో, డైటీషియనో ‘ఏడు రోజులు తిన్నవన్నీ రాసుకుని రండి’ అన్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. అయితే ఆ లెక్కలో ఒక చిన్న పొరపాటు దొర్లితే సగం క్యాల్షియం కూడా అందని మనిషికి పూర్తిగా అందుతున్నట్టు కనిపిస్తుంది. ఆ పొరపాటు ఎక్కడ జరుగుతుందో, సరైన లెక్క ఎలా కట్టాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

పట్టికలో ఉన్నది పచ్చి దినుసు

మన ఆహారంలోని పోషకాల లెక్కకు ఆధారం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్‌) 2017లో వెలువరించిన ‘ఇండియన్‌ ఫుడ్‌ కంపోజిషన్‌ టేబుల్స్‌’. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి నమూనాలు సేకరించి, 528 రకాల ఆహార పదార్థాలను ప్రయోగశాలలో పరీక్షించి దీన్ని తయారుచేశారు. ప్రతి పదార్థంలోనూ 100 గ్రాముల తినదగిన భాగానికి ప్రొటీన్‌, కొవ్వు, ఐరన్‌, క్యాల్షియం వంటివి ఎంతెంత ఉన్నాయో ఇందులో ఉంటుంది. రాగుల వరసలో చూస్తే 100 గ్రాములకు క్యాల్షియం 364 మిల్లీగ్రాములు, ప్రొటీన్‌ సుమారు 7 గ్రాములు. అదే పాలిష్‌ బియ్యంలో క్యాల్షియం 7 మిల్లీగ్రాముల పైచిలుకే.

లెక్క తేలికే. తిన్న గ్రాములను పట్టికలోని విలువతో హెచ్చించి, 100తో భాగించాలి. సాఫ్ట్‌వేర్లు, యాప్‌లు లోపల చేసేది ఇదే. కానీ పట్టికలో ఉన్నది ఎండు రాగుల విలువ. మన పళ్లెంలో ఉన్నదేమో నీళ్లు పోసి ఉడికించిన ముద్ద. ఈ రెండింటినీ కలిపేస్తేనే చిక్కు.

శక్తి దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. ఈ పట్టికల్లో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. రాగులకు 1,342 అని కనిపించగానే అన్ని క్యాలరీలా అని కంగారు పడొద్దు. దాన్ని 4.184తో భాగిస్తే 321 కిలో క్యాలరీలు వస్తాయి.

ముద్దను విడదీయాలి

కడపలో ఉండే 38 ఏళ్ల గృహిణిని ఊహించుకుందాం. బరువు 55 కిలోలు. ఇంట్లో సంగటి చేసిన రోజు ఆమె ఒక ముద్ద తింటుంది. వంటింటి త్రాసులో తూస్తే అది 300 గ్రాములుంది. యాప్‌లో ‘రాగి’ అని ఎంచుకుని 300 అని కొడితే 1,092 మిల్లీగ్రాముల క్యాల్షియం చూపిస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1,000 మిల్లీగ్రాములు కాబట్టి ఒక్క ముద్దతోనే రోజు అవసరం తీరిపోయిందన్నమాట! ఇది నిజం కాదు.

మొదటి కారణం నీళ్లు. ముద్ద బరువులో మూడింట రెండు వంతులు నీళ్లే. రెండో కారణం బియ్యం. మన సంగటిలో ముందు బియ్యమో నూకలో మెత్తగా ఉడికించి, ఆపైన రాగి పిండి పోసి గెలుకుతాం. కర్ణాటకలో ఎక్కువగా ఒట్టి రాగి పిండితోనే చేసే ముద్దె వేరు, బియ్యం కలిసే మన సంగటి వేరు. యాప్‌లో రెడీగా ఉన్న ‘రాగి ముద్దె’ను ఎంచుకున్నా మన లెక్క తప్పుతుంది.

దీనికి సర్వేలు చేసేవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్న పద్ధతి ఒకటుంది. ఎన్‌ఐఎన్‌ ఆధ్వర్యంలో 1972లో మొదలైన నేషనల్‌ న్యూట్రిషన్‌ మానిటరింగ్‌ బ్యూరో సిబ్బంది ఆంధ్రప్రదేశ్‌ పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి తిండి వివరాలు సేకరించేవారు. ఇంటి మొత్తానికి ఎంత పచ్చి దినుసు వేశారు, వండాక మొత్తం ఎంతయింది, అందులో ఒక్కో మనిషి ఎంత తిన్నారు అని ప్రామాణిక కప్పులతో కొలిచేవారు. మనమూ అదే చేయొచ్చు.

మన ఉదాహరణలో ఆ ఇంట్లో బియ్యం 200 గ్రాములు, రాగి పిండి 300 గ్రాములు వేశారు. వండాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేస్తే సంగటి 1,500 గ్రాములుంది. ఆమె తిన్న 300 గ్రాములు అందులో ఐదో వంతు. అంటే ఆమె తిన్నది 60 గ్రాముల రాగి పిండి, 40 గ్రాముల బియ్యం. రాగుల నుంచి 218, బియ్యం నుంచి 3 కలిపి మొత్తం 221 మిల్లీగ్రాముల క్యాల్షియం. శక్తి 335 కిలో క్యాలరీలు. మొదట వచ్చిన 1,092కూ దీనికీ దాదాపు ఐదు రెట్ల తేడా.

ఈ తూకం రోజూ అక్కర్లేదు. ఇంట్లో సంగటి ఎప్పుడూ ఒకే కొలతతో చేస్తారు కాబట్టి ఒకసారి తూచి ‘మా ఇంటి ముద్ద = 60 గ్రా. రాగి పిండి + 40 గ్రా. బియ్యం’ అని రాసి పెట్టుకుంటే చాలు. చాలా సాఫ్ట్‌వేర్లలో సొంత వంటకాన్ని చేర్చుకునే వీలుంటుంది. ఉగ్గానికీ ఇదే సూత్రం. బొరుగులు నానితే బరువు పెరుగుతాయి కాబట్టి నానబెట్టక ముందే తూచాలి. జొన్న రొట్టెకు పిండిని, పప్పుకు ఎండు పప్పును, పెరుగుకు తోడుపెట్టిన పాలను లెక్కలోకి తీసుకోవాలి.

ఒక్క రోజు చాలదు

సంగటి తిన్న రోజు లెక్క ఒకలా, అన్నమో రొట్టెనో తిన్న రోజు ఇంకోలా ఉంటుంది. ఆదివారం మాంసం, శనివారం ఒక్కపొద్దు ఉన్న ఇంట్లో తేడా మరీ ఎక్కువ. అందుకే వరసగా ఏడు రోజులు రాయమంటారు.

మన గృహిణి వారంలో నాలుగు రోజులు సంగటి తింది. టీకి, పెరుగుకు కలిపి రోజూ 150 గ్రాముల గేదె పాలు వాడుతుంది. గేదె పాలలో 100 గ్రాములకు 121 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది కాబట్టి పాల నుంచి రోజుకు 182 వస్తుంది. పప్పు, కూరలు, ఆకుకూరలు, ఊరిబిండి, మిగతా ధాన్యాల నుంచి రోజుకు సగటున 190 వచ్చిందనుకుందాం. సంగటి నుంచి వారానికి నాలుగు ముద్దలకు 884, అంటే రోజుకు 126. మొత్తం కలిపితే రోజుకు 498 మిల్లీగ్రాములు.

ఇప్పుడు తప్పు లెక్కను చూడండి. ముద్ద బరువునే రాగులుగా కొట్టి ఉంటే సంగటి వాటా రోజుకు 624 అయ్యేది. మొత్తం 996. అంటే వెయ్యికి నాలుగే తక్కువ! ఆ కాగితం చూసి ‘అంతా బాగుంది’ అనుకుని పాలు తగ్గించినా, రాసిచ్చిన మాత్రలు మానేసినా నష్టపోయేది ఎముకలే.

ఏడు రోజులకు కూడా ఒక పరిమితి ఉంది. శక్తి, ప్రొటీన్‌ వంటివి వారంలో చాలావరకు తేలిపోతాయి. కానీ విటమిన్‌ ఏ వంటివి కొన్ని పదార్థాల్లోనే కుప్పగా ఉంటాయి. ఆ వారంలో ఒక్కసారి కాలేయం కూర తింటే సగటు అమాంతం పెరుగుతుంది, తినకపోతే పడిపోతుంది. అలాంటి వాటిని ఒక్క వారం చూసి తేల్చకూడదు.

రాత సరిగ్గా ఉందా?

ఎక్కువ మంది రాయడం మరిచేది నూనె. తాలింపులో ఎంత పడిందో ఎవరూ కొలవరు. దీనికి సులువైన మార్గం వారం మొదట్లో నూనె డబ్బాను తూచి, వారం చివర మళ్లీ తూచడం. నలుగురున్న ఇంట్లో 700 గ్రాములు తగ్గితే మనిషికి రోజుకు 25 గ్రాములు, అంటే 225 కిలో క్యాలరీలు. పిల్లలు తక్కువ తింటారు కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా అసలు రాయకపోవడం కంటే ఎంతో మేలు. చుట్టాలొచ్చిన రోజులుంటే వాళ్లను కూడా తలల్లో లెక్కపెట్టాలి.

చివరగా శక్తి మొత్తాన్ని ఒకసారి చూసుకోవాలి. పెద్దగా శారీరక శ్రమ లేని 55 కిలోల మహిళకు రోజుకు 1,660 కిలో క్యాలరీలు కావాలని 2020 నాటి ఐసీఎంఆర్‌-ఎన్‌ఐఎన్‌ సిఫార్సులు చెబుతున్నాయి. లెక్కలో వెయ్యి లోపే వచ్చి, నెలల తరబడి బరువు మాత్రం తగ్గకుండా ఉంటే ఆమె తక్కువ తింటోందని కాదు, కొన్ని రాయలేదని అర్థం. సాయంత్రం చిరుతిండి, టీలో చక్కెర, పిల్లలు వదిలేసింది తినడం వంటివి వెతకాలి. అలాంటి పుస్తకం నుంచి క్యాల్షియం లెక్క తీసినా నమ్మడానికి లేదు.

యాప్‌ను ఎంచుకునేటప్పుడు అది ఏ పట్టికను వాడుతోందో చూడండి. ఎన్‌ఐఎన్‌ రూపొందించిన ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ మన ఆహారం ఆధారంగా చేసింది. విదేశీ యాప్‌ల్లో పాలకు విటమిన్‌ డి, పిండికి ఐరన్‌ కలిపిన విలువలు ఉండొచ్చు. మనింటి పాలకు, మరలో ఆడించిన పిండికి అవి వర్తించవు.

లెక్క చెప్పే దారి

మన గృహిణికి వచ్చింది 498. సిఫార్సు 1,000. ఇది దాదాపు అందరి అవసరాన్నీ తీర్చేలా పెట్టిన అంకె. సగటు అవసరం 800. ఆమె తీసుకునేది రెండింటికీ తక్కువే. మరేం చేయాలి?

సంగటిలో రాగి పాళ్లు పెంచి 80 గ్రాములు రాగి పిండి, 20 గ్రాములు బియ్యం చేస్తే, వారానికి నాలుగు రోజుల మీద రోజుకు కలిసొచ్చేది 41 మాత్రమే. పాత కొలతతోనే సంగటి రోజూ తింటే అదనంగా 95 వస్తుంది. రోజుకు మరో 200 గ్రాముల పాలో, ఆ పాలతో తోడుపెట్టిన పెరుగో చేర్చుకుంటే 242 పెరుగుతుంది. రోజూ సంగటి, అదనపు పాలు రెండూ కలిస్తే మొత్తం 835కు చేరుతుంది. మిగిలింది ఎలా పూడ్చాలో, మాత్రలు అవసరమో కాదో డాక్టర్‌ నిర్ణయిస్తారు.

ఈ లెక్క నోట్లోకి వెళ్లిన క్యాల్షియాన్నే చెబుతుంది. రాగుల్లోని ఫైటేట్లు, కొన్ని ఆకుకూరల్లోని ఆక్సలేట్లు అందులో కొంత ఒంటికి పట్టకుండా చేస్తాయి. కాబట్టి దీన్ని రోగ నిర్ధారణగా తీసుకోవద్దు. డాక్టర్‌ దగ్గరికి వెళ్లేటప్పుడు యాప్‌ చూపిన మొత్తం ఒక్కటే కాకుండా, ఏడు రోజుల పుస్తకాన్ని, మీ ఇంటి ముద్ద కొలతను కూడా తీసుకెళ్లండి. ఆ కొలత ఉంటేనే ఆ అంకెలు సరైనవో కావో వాళ్లు సరిచూడగలుగుతారు.