ఇంకా ఒక్క ఇల్లూ కట్టనివారి పరిచయం

విజయవాడలోనో రాజమండ్రిలోనో ఆరేడుగురు పనిచేసే ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసు ఉందనుకోండి. ఇళ్లు, చిన్న ఆసుపత్రులు, కల్యాణ మండపాలు డిజైన్ చేస్తుంటారు. ఇల్లు కట్టించుకుందామని వచ్చినవారి చేతిలో పెట్టే ప్రొఫైల్ పుస్తకంలో టీమ్ పేజీ ఒకటి ఉంటుంది. మనిషికో ఫొటో, దాని కింద ఒక పేరా. ప్రధాన ఆర్కిటెక్ట్ గురించి రాయడానికి ఇబ్బందేమీ లేదు. ఏళ్ల అనుభవం ఉంది, కట్టిన భవనాలు ఉన్నాయి. చిక్కంతా నాలుగు నెలల కిందట బి.ఆర్క్ పూర్తిచేసి చేరిన అమ్మాయికి. ‘నీ గురించి కూడా నాలుగు ముక్కలు రాసివ్వమ్మా’ అంటే ఏం రాయాలి? తన పనిగా చూపించడానికి ఇంకా ఒక్క గోడా లేవలేదు.

అలాంటప్పుడు చాలామంది మొదట రాసేది దాదాపు ఇలా ఉంటుంది: ‘సృజనాత్మకత పట్ల మక్కువ, పర్యావరణహిత నిర్మాణాలపై అపారమైన ఆసక్తి ఉన్న యువ ఆర్కిటెక్ట్. వినూత్నమైన ఆలోచనలతో ప్రతి స్థలానికీ ప్రాణం పోయాలన్నది ఆమె తపన. ఖాళీ సమయంలో ప్రయాణాలు, ఫొటోగ్రఫీ ఇష్టం.’

ఇందులో అబద్ధం ఉందని కాదు. ఆ అమ్మాయికి నిజంగానే ఆ మక్కువ ఉండొచ్చు. కానీ ఈ పేరాను పక్క ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి ఫొటో కింద పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. అసలీ పేజీ చదివేది ఎవరు? జీవితకాలపు పొదుపు, దానిమీద బ్యాంకు రుణం కలిపి ఇల్లు కట్టించుకునే మనిషి. ఆయన ఆ ఆఫీసుకు వచ్చింది ప్రధాన ఆర్కిటెక్ట్‌ను చూసే. చిన్నవాళ్ల ఫొటోల దగ్గరకు వచ్చేసరికి ఆయన తెలుసుకోవాలనుకునేది వేరు. రేపు నా సైటుకు వచ్చేది ఎవరు? డ్రాయింగ్‌లో కొలత అర్థం కాక మేస్త్రీ ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? నా పనిలో ఈ అమ్మాయి చెయ్యి ఎంతవరకు ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పడానికి అనుభవం అక్కర్లేదు. చేస్తున్న పనేమిటో ఉన్నదున్నట్టు చెప్పగలిగితే చాలు.

కాబట్టి రాయడానికి కూర్చునేముందు, చేరినప్పటి నుంచి తాను తెరిచిన డ్రాయింగ్ ఫైళ్లన్నీ ఒకసారి వరసగా చూసుకోవాలి. మన అమ్మాయి ఫైళ్లలో ఏమున్నాయో చూద్దాం. ఒక రెండంతస్తుల ఇంటికి తలుపులు, కిటికీల పట్టిక. అదే ఇంటి బాత్రూముల్లో టైల్స్ ఎక్కడ మొదలై ఎక్కడ కోతపడతాయో చూపే డ్రాయింగ్‌లు. సీనియర్‌తో కలిసి సైటుకు వెళ్లినప్పుడు రాసుకున్న నోట్సు. ‘ఇవా? ఇవి చెప్పుకునే పనులా?’ అని ఆ అమ్మాయికే అనిపిస్తుంది. నా దృష్టిలో ఇవే చెప్పుకోవాల్సినవి. ఆ పట్టిక సంగతే తీసుకోండి.

ఇంట్లో ఎన్ని రకాల తలుపులు, కిటికీలు ఉంటే అన్నిటికీ ఆ పట్టికలో ఒక్కో గుర్తు ఉంటుంది. తలుపులకు డి1, డి2, కిటికీలకు డబ్ల్యు1, డబ్ల్యు2, వెంటిలేటర్లకు వి1. ప్రతిదానికీ ఎదురుగా వెడల్పు, ఎత్తు, కిటికీ అయితే నేల నుంచి ఎంత ఎత్తున మొదలవుతుందో, చెక్క ఏదో, మొత్తం ఎన్ని కావాలో రాయాలి. సింహద్వారం మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. బాత్రూము తలుపు రెండున్నర అడుగులు. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ వడ్రంగి ద్వారబంధాలకు కలప కోసేది ఈ కాగితం చూసే. ఇక్కడ ఆరంగుళాలు తేడా వస్తే ముహూర్తం పెట్టుకుని ద్వారబంధం నిలబెట్టే రోజున సైటులో అది బయటపడుతుంది. సంఖ్యలో ఒకటి తగ్గితే గోడ ఆగిపోయి మేస్త్రీ కూర్చుంటాడు. ప్లాన్‌లో ఉన్న ప్రతి తలుపునూ లెక్కపెట్టి, పట్టికలోని సంఖ్యతో సరిచూసి, గోడ మందంతో ద్వారబంధం వెడల్పు కుదురుతోందో లేదో చూసినవారికి ఆ ఇంట్లో తెలియని మూల ఉండదు. ఇల్లు కట్టించుకునేవారికి ‘వినూత్నమైన ఆలోచనలు’ కన్నా ‘మీ ఇంటి తలుపులు, కిటికీల పట్టిక తయారుచేసింది ఈమే’ అన్న మాట ఎక్కువ ధైర్యమిస్తుంది.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాల్సిన చోటు వస్తుంది. చేసిన పని చిన్నదైనప్పుడు వాక్యం చివరి క్రియ తనంతట తానే పెద్దదైపోతుంటుంది. ‘పట్టిక తయారుచేశారు’ కాస్తా ‘ఇంటి డిజైన్‌లో కీలకపాత్ర పోషించారు’ అవుతుంది. ‘సీనియర్‌తో పాటు సైటుకు వెళ్లారు’ కాస్తా ‘నిర్మాణాన్ని పర్యవేక్షిస్తున్నారు’ అవుతుంది. దీనికి నాకు తెలిసిన మంచి విరుగుడు ఒకటే. రాసిన పేరాను ఆ ప్రాజెక్టు చూస్తున్న సీనియర్‌కిచ్చి, ప్రతి క్రియ దగ్గరా ఆగి ప్రశ్న వేయమనాలి.

‘పర్యవేక్షిస్తున్నారు అని రాశావు. స్లాబు పోసేరోజున కమ్మీలు సరిగ్గా కట్టారో లేదో చూసి, పోయండి అని చెప్పింది ఎవరమ్మా?’

‘మీరూ, స్ట్రక్చరల్ ఇంజనీరు గారూ సార్.’

‘మరి నువ్వేం చేశావు?’

‘కరెంటు పైపులు డ్రాయింగ్‌లో ఉన్నచోటే వేశారో లేదో చూశాను సార్. హాల్లో ఫ్యాన్ బాక్సు ఒకటి వేయలేదని చెప్పాను.’

‘అయితే అదే రాయి.’

స్లాబు పోశాక ఫ్యాన్ బాక్సు పెట్టాలంటే కాంక్రీటు కొట్టాలి. ముందే చూసి చెప్పడం చిన్న పనేమీ కాదు. పెద్ద మాట వాడబోయి ఆ అమ్మాయి నిజంగా చేసిన మంచి పనినే దాచేసింది. పైగా, పర్యవేక్షణ అన్న మాటను నమ్మి ఇంటి యజమాని రేపు ‘ఈ పిల్లర్ సరిగ్గా నిలువుగా ఉందా’ అని ఆమెనే అడిగితే ఇరుకున పడేది ఆమే.

హోదా విషయంలో చట్టమే ఒక గీత గీసింది. బి.ఆర్క్ పట్టా చేతికి రాగానే పేరుకింద ‘ఆర్కిటెక్ట్’ అని రాసుకోవడం మామూలైపోయింది. కానీ 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం 37వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు చేసుకున్నవారే ఆ హోదాను వాడుకోవాలి. ఈ సెక్షన్ మీద 2020లో సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. నమోదు లేనివారు డిజైన్ పని చేయకూడదని చట్టం అనడంలేదు, ఆర్కిటెక్ట్ అన్న హోదాను మాత్రం వాడకూడదంటోంది. నోయిడాకు సంబంధించిన ఆ కేసులో, నమోదు లేనివారు ఉండే ‘అసోసియేట్ ఆర్కిటెక్ట్’ పోస్టుకు పేరు మార్చుకోమని కోర్టు చెప్పింది. అంటే ముందు ‘జూనియర్’ అని తగిలించినంత మాత్రాన సరిపోదు. మన అమ్మాయి పట్టా అందుకుని నమోదుకు దరఖాస్తు చేసింది, నంబరు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ‘డిజైన్ అసిస్టెంట్’ అని వేసుకోవడమే సరైనది.

చదువుకున్నప్పటి పనుల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? చివరి సంవత్సరం థీసిస్‌గా ఆమె ఒక రైతు బజారు డిజైన్ చేసింది. ఆర్నెల్లు కష్టపడింది కాబట్టి దానిమీద మమకారం సహజం. అయినా నేనైతే దాన్ని తీసేస్తాను. ‘రైతు బజారు డిజైన్ చేశారు’ అని చదివినవారు అది ఎక్కడో కట్టి ఉందనుకుంటారు. ‘థీసిస్‌లో భాగంగా’ అని చేర్చినా, కాగితం మీది మార్కెట్ వల్ల ఇల్లు కట్టుకునేవారికి ఒరిగేది తక్కువ. దానికన్నా మూడో సంవత్సరంలో తోటి విద్యార్థులతో కలిసి కోనసీమలో ఒక పాత మండువా లోగిలిని కొలిచి డ్రాయింగ్‌లు గీయడం చెప్పుకోదగ్గది. ఉన్న కట్టడాన్ని కొలవడంలో ఒక పద్ధతి ఉంది. గదికి నాలుగు గోడలూ కొలిస్తే సరిపోదు, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ టేపు పెట్టి కొలవాలి. ఎదురెదురు గోడలు సమానమై, రెండు కర్ణాలూ సమానంగా వస్తేనే గది మూలలు లంబంగా ఉన్నట్టు. పాత ఇళ్లలో చాలాసార్లు అలా రాదు. పాత ఇంటిమీద ఇంకో అంతస్తు వేసుకోవాలనో, పక్కన రెండు గదులు కలుపుకోవాలనో వచ్చేవారికి మొదట కావలసింది ఇలా కొలవగల మనిషే. అయితే కొలిచింది ఒక బృందమన్న మాట వాక్యంలో ఉండితీరాలి.

ఆటోక్యాడ్, స్కెచప్, రెవిట్ లాంటి పేర్లన్నీ ఉద్యోగానికి పంపే రెజ్యూమెలో ఉంటే చాలు. ఇంటర్న్‌షిప్ చేసిన ఆఫీసు ప్రాజెక్టులను కూడా వారిని అడగకుండా పేర్కొనకూడదు. ప్రయాణాలు, ఫొటోగ్రఫీ తీసేయొచ్చు. దానికి బదులు ఆమె అసలు లెక్కలోకే తీసుకోని ఒక విషయం ఉంది. ఆమెకు హిందీ బాగా వచ్చు. మన సైట్లలో చెక్కపనికీ రాతిపనికీ రాజస్థాన్ నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవారు చాలామంది ఉంటారు. బాత్రూములో వాలు ఎటువైపు రావాలో వారికి వారి భాషలోనే చెప్పగలిగితే, టైల్స్ పీకి మళ్లీ వేసే అవస్థ తప్పుతుంది.

ఇవన్నీ చూసుకుని మళ్లీ రాస్తే ఆ పేరా ఇలా తయారైంది:

‘డిజైన్ అసిస్టెంట్. ఈ జూన్‌లో ఆఫీసులో చేరారు. విజయవాడలో కడుతున్న ఒక రెండంతస్తుల ఇంటికి తలుపులు, కిటికీల పట్టిక తయారుచేశారు. సీనియర్ ఆర్కిటెక్ట్ మార్గదర్శకత్వంలో అదే ఇంటి బాత్రూముల టైల్స్ డ్రాయింగ్‌లు గీస్తున్నారు. సైటుకు వెళ్లి, డ్రాయింగ్‌కూ జరిగిన పనికీ తేడా కనిపిస్తే ఆఫీసుకు తెలియజేస్తారు. బి.ఆర్క్ చదువులో భాగంగా కోనసీమలోని ఒక మండువా లోగిలిని కొలిచి డ్రాయింగ్‌లు గీసిన విద్యార్థి బృందంలో ఒకరు. తెలుగు, హిందీ మాట్లాడతారు.’

ఆరేడు చిన్న వాక్యాలు. ఇంటి యజమాని పేరు గానీ, ఇల్లున్న వీధి గానీ లేదు. ఆయన అనుమతి లేకుండా అవి రాకూడదు. ఇప్పుడు చేస్తున్న పని ముందు, చదువు తర్వాత వచ్చింది. పొడవు కూడా తగినంతే. ప్రధాన ఆర్కిటెక్ట్ పేరాకన్నా కొత్తగా చేరినవారి పేరా పొడవుగా ఉంటే చదివేవారికి అనుమానం వస్తుంది.

ఇలా రాసిన పేరాకు త్వరగా వయసు మీదపడుతుంది. టైల్స్ వేయడం పూర్తికాగానే ‘గీస్తున్నారు’ అన్నది ‘గీశారు’ కావాలి. కౌన్సిల్ నుంచి నమోదు నంబరు వచ్చాక హోదా మారుతుంది. ఒక ఇంటి ప్లాన్‌ను మొదటి గీత నుంచి తానే గీసి, మున్సిపాలిటీ అనుమతి దాకా తీసుకెళ్లిన రోజున మండువా లోగిలి వాక్యాన్ని తీసి, ఆ చోట ఈ ఇంటి సంగతి పెట్టుకోవచ్చు. పుస్తకం మళ్లీ అచ్చుకు వెళ్లేది ఎప్పుడో ఆఫీసులో కనుక్కుని, అప్పటిదాకా చేసిన పనులను తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంటే, తర్వాతి పేరాకు కావలసినవన్నీ అందులోనే దొరుకుతాయి.