మూసుకున్న గీతలో ఇంజన్ లెక్క

1796లో జాన్ సదరన్ అనే ఇంజనీరు ఆవిరి యంత్రానికి ఒక కదిలే పలకను తగిలించి, దానిమీద కాగితం పెట్టాడు. ఆయన జేమ్స్ వాట్ దగ్గర పనిచేసేవాడు. సిలిండర్‌లో పీడనం పెరిగితే పెన్సిల్ పైకి లేచేది, తగ్గితే కిందికి దిగేది. పిస్టన్ కదిలిన కొద్దీ పలక పక్కకు జరిగేది. పిస్టన్ ఒకసారి వెళ్లి వచ్చేసరికి కాగితం మీద మొదలూ చివరా కలిసిపోయిన గీత ఒకటి తయారయ్యేది. దాని లోపలి వైశాల్యం కొలిస్తే యంత్రం చేసిన పని ఎంతో తేలిపోయేది. పోటీదారులకు తెలియకూడదని వాట్ సంస్థ ఈ పరికరాన్ని చాలా ఏళ్లు గుట్టుగా ఉంచింది. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో కనిపించే పి-వి పటం ఆ గీతే. నిలువుగా పీడనం, అడ్డంగా ఘనపరిమాణం.

వైశాల్యానికీ పనికీ సంబంధం ఏమిటి? పిస్టన్ మీద పడే పీడనాన్ని పిస్టన్ వైశాల్యంతో గుణిస్తే బలం. ఆ బలాన్ని పిస్టన్ జరిగిన దూరంతో గుణిస్తే పని. పిస్టన్ వైశాల్యాన్ని అది జరిగిన దూరంతో గుణిస్తే వచ్చేది ఘనపరిమాణంలో మార్పే కాబట్టి, పీడనాన్ని ఆ మార్పుతో గుణిస్తే చాలు. పటంలో గీత కింద ఉన్న జాగా అదే. ఒక బార్ పీడనం, అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం, 100 సీసీల మేర పిస్టన్‌ను నెడితే 10 జౌళ్ల పని జరుగుతుంది. కిలో బియ్యం సంచిని మీటరు ఎత్తుకు లేపడానికి ఇంచుమించు అంతే పడుతుంది.

ఇప్పుడు 100 సీసీ మోటార్‌సైకిల్ ఇంజన్‌ను తీసుకుందాం. గాలిని పదో వంతుకు నొక్కుతుందనుకుందాం. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు లోపలి జాగా 111 సీసీలు, పైకి చేరాక 11. లెక్క తేలికగా ఉండడానికి లోపల ఉన్నది గాలేననీ, సిలిండర్ గోడలకు వేడి పోవడం లేదనీ అనుకుందాం.

పిస్టన్ పైకి వస్తుంటే గీత కుడి నుంచి ఎడమకు ఎక్కుతుంది. జాగా పదో వంతు అయింది కాబట్టి పీడనం పది రెట్లు కావాలి కదా అనిపిస్తుంది. ఉష్ణోగ్రత మారకుండా ఉంటే అంతే అయ్యేది. కానీ సైకిల్ పంపు గొట్టం వేడెక్కినట్టే, నొక్కిన గాలి ఇక్కడా వేడెక్కుతుంది. 27 డిగ్రీలున్నది దాదాపు 480 డిగ్రీలకు చేరుతుంది. అందుకే పీడనం పది బార్ల దగ్గర ఆగక 25 బార్లు అవుతుంది. ఈ గీత అంత నిటారుగా లేవడానికి కారణం ఇదే. దీని కింద ఉన్న జాగా విలువ 42 జౌళ్లు. ఇది ఇంజన్ ఇచ్చింది కాదు, తీసుకున్నది. అంతకుముందు తిరిగిన ఊపులోంచి ఫ్లైవీల్ పెట్టిన అప్పు.

ఇక్కడ స్పార్క్ రాలేదనుకోండి. గాలి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, వచ్చిన గీత మీదుగానే దిగుతుంది. 42 జౌళ్లు తీసుకుంది, 42 తిరిగిచ్చింది. రెండు గీతల మధ్య జాగా సున్నా.

స్పార్క్ వచ్చిందా, పెట్రోల్ మండి 140 జౌళ్ల వేడి చేరుతుంది, పీడనం 25 నుంచి 75 బార్లకు ఎగబాకుతుంది. పిస్టన్ ఇంకా కదల్లేదు కాబట్టి పటంలో ఇది నిట్టనిలువు గీత. దాని కింద జాగా లేదు, అంటే ఆ క్షణంలో పని ఏమీ జరగలేదు. నాకు ఈ పటంలో అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది ఈ గీతే. ఇంధనం ఖర్చంతా ఇక్కడే జరిగింది, పని మాత్రం ఇక్కడ శూన్యం. అది చేసిందల్లా తిరుగుదారిని పైకి ఎత్తడమే. దిగే గీత ఇప్పుడు ఎక్కిన గీతకు మూడు రెట్ల ఎత్తులో నడుస్తుంది. దాని కింద జాగా 126 జౌళ్లు. ఫ్లైవీల్‌కు తిరిగి కట్టాల్సిన 42 తీసేస్తే మిగిలేది 84. రెండు గీతల నడుమ చిక్కుకున్న జాగా అదే, చక్రానికి అందే పని.

అడుగుకు చేరేసరికి లోపల ఇంకా మూడు బార్ల పీడనం ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే అది ఒక్కసారిగా బయటికి తన్నుకుపోతుంది. సైలెన్సర్ లేని బండి చప్పుడంతా దానిదే. పటంలో ఇది కిందికి దిగే నిలువు గీత. మిగతా 56 జౌళ్ల వేడి ఇలా పోతుంది.

140లో 84 అంటే నూటికి అరవై. ఇది కాగితం మీది లెక్క. నిజమైన పెట్రోల్ ఇంజన్లకు మూడో వంతు దక్కినా గొప్పే. ఇంకొక మాట, ఆ 84ను మాత్రమే వైశాల్యం చెబుతుంది, 140ని చెప్పదు. ఒకే వైశాల్యం ఉన్న రెండు ఇంజన్లలో ఒకటి ఎక్కువ పెట్రోల్ తాగవచ్చు. దక్షత తెలియాలంటే ఇంధనాన్ని విడిగా కొలవాల్సిందే.

సిలిండర్‌లో సెన్సర్ పెట్టి తీసిన అసలు పటానికి ఇంత పదునైన మూలలుండవు. మంట వ్యాపించడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి నిలువు గీత కాస్త వాలి, పై కొన గుండ్రమవుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇస్తారు. టైమింగ్ ఆలస్యమైతే శిఖరం పొట్టిదై కుడికి జరుగుతుంది, గీతల మధ్య జాగా సన్నబడుతుంది, ఆ వేడి సైలెన్సర్ పాలవుతుంది. మరీ ముందుగా వస్తే పిస్టన్ ఎక్కుతుండగానే పీడనం పెరిగి, తీసుకునే అప్పే పెద్దదవుతుంది. శిఖరం దగ్గర గీత రంపపు పళ్లలా వణికితే అది నాకింగ్.

ఫోర్ స్ట్రోక్ పటంలో అడుగున సన్నటి రెండో వలయం కూడా ఉంటుంది. పొగను బయటికి నెట్టి, కొత్త గాలిని లోపలికి పీల్చుకునే రెండు స్ట్రోకులూ గీసేది దాన్ని. పెద్ద వలయం గడియారం ముల్లు తిరిగే వైపు సాగితే ఇది ఎదురు తిరుగుతుంది. అంటే దీని జాగా మొత్తం ఖర్చు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు అది లెక్కలోకి రానంత చిన్నది. ట్రాఫిక్‌లో సగం మూసి నడిపితే సంగతి వేరు. సిలిండర్ అర బార్ పీడనంలో గాలిని పీల్చాలి, 1.1 బార్ల దగ్గర పొగను నెట్టాలి. తేడా 0.6 బార్, జాగా 100 సీసీలు, కాబట్టి 6 జౌళ్ల నష్టం. లోపలికి వచ్చిన గాలి సగమే కాబట్టి పై వలయం కూడా సగానికి పడి 42 జౌళ్లయింది. అందులో ఏడో వంతు ఊపిరి తీసుకోవడానికే పోయింది. డీజిల్ ఇంజన్‌లో వేగం తగ్గించడానికి గాలిని అడ్డుకోరు, ఇంధనాన్ని తగ్గిస్తారు. అందుకే దాని కింది వలయం తక్కువ లోడు మీద కూడా సన్నగానే ఉంటుంది. నగరం ట్రాఫిక్‌లో పెట్రోల్ బండి కన్నా డీజిల్ బండి మైలేజీ మెరుగ్గా ఉండడానికి ఇదొక కారణం.