బ్లేడు బోల్టు విప్పేముందు ప్లగ్ వైరు ఎందుకు తీయాలి?

ఉద్దానం తీరాన సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. ఆ ఉప్పు తేమను పట్టి ఉంచడంతో గడ్డి కోసే మెషీన్ బ్లేడు బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది.

విప్పేముందు స్పార్క్ ప్లగ్ వైరు లాగి దూరంగా పెట్టాలి. ఎందుకంటే చాలా మెషీన్లలో బ్లేడు ఇంజిన్ ఇరుసుకే బిగించి ఉంటుంది. బ్లేడును తిప్పితే పిస్టన్ కదులుతుంది, ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టవచ్చు. లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి అంటుకుంటే చాలు, బ్లేడు ఒక్క ఉదుటున తిరుగుతుంది. వేళ్లు తెగిపోతాయి!

తర్వాత ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా మెషీన్‌ను పక్కకు వంచాలి. అది కిందికి ఉంటే ఆయిలు, పెట్రోలు కారి ఫిల్టర్ తడిసిపోతుంది.

తుప్పు వదిలించే ఆయిల్ వేసి పావుగంటైనా ఆగాలి, బోల్టు మరల సందుల్లోకి అది పాకాలి. బ్లేడు కదలకుండా చెక్కముక్క అడ్డుపెట్టి, మందపాటి గ్లవ్స్ వేసుకుని పెద్దవాళ్లే స్పానర్‌తో ఎడమవైపుకు తిప్పాలి. బోల్టు తల అంచులు అరుగుతుంటే ఆపేసి, మళ్లీ ఆయిల్ వేయాలి.