మార్కుల పక్కన రెండు వాక్యాలు

ప్రోగ్రెస్ కార్డులో మార్కులు, గ్రేడులు వేశాక టీచరు అభిప్రాయం రాయడానికి కాస్త చోటు ఉంటుంది. చాలా కార్డుల్లో అక్కడ కనిపించేవి ‘బాగుంది’, ‘ఇంకా శ్రద్ధ పెట్టాలి’ అనే మాటలే. పేర్లు మూసేసి చూపిస్తే ఏది ఎవరి కార్డో రాసిన టీచరే చెప్పలేరు. ఆ పిల్లల గురించి టీచరుకు తెలియక కాదు. మన బడుల్లో ఫార్మేటివ్ మార్కులు స్లిప్ టెస్టు ఒక్కదానికే వెయ్యరు, తరగతిలో పాల్గొనడం, రాత పనులు, ప్రాజెక్టు పని కూడా చూస్తారు. అన్నీ చూసిన టీచరు కార్డు దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెడతారు.

మూడో తరగతిలో తీసివేతలు నడుస్తున్నాయనుకుందాం. ఒక బాబు 52లోంచి 27 తీసేస్తే 35 అని రాశాడు. మార్కు పోయింది, సరే. కానీ 35 ఎలా వచ్చింది? ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి, అంకెలు తిప్పేసి 7లోంచి 2 తీశాడు. అదే బాబుకు 58లోంచి 27 ఇస్తే 31 అని తడుముకోకుండా చెబుతాడు. పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు చేతికిస్తే ఒక కట్ట విప్పి, 27 పక్కన పెట్టి, 25 మిగిలాయంటాడు. అంటే తీసివేత వచ్చు, అప్పు తెచ్చుకోవడం చేతుల్లోకి వచ్చింది, కాగితం మీదికి రాలేదు. ‘లెక్కల్లో వెనకబడ్డాడు’ అని రాస్తే ఇదంతా చెరిగిపోతుంది. ఇలా రాయవచ్చు: ‘అప్పు అవసరం లేని తీసివేతలు తప్పు లేకుండా చేస్తున్నాడు. 52లోంచి 27 లాంటివి పుల్లలతో చేస్తాడు, కాగితం మీద తడబడుతున్నాడు. పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు ఇచ్చి ఇంట్లో రోజూ రెండు లెక్కలు చేయించండి.’

మధ్యస్థంగా ఉండే పిల్లలకే అన్నిటికన్నా ఖాళీ మాటలు దక్కుతాయి. వాళ్ల వల్ల ఇబ్బంది ఉండదు కాబట్టి ఎవరూ ఆగి చూడరు. అలాంటి ఒక పాప రెండంకెల తీసివేతలన్నీ చేస్తుంది. 402లోంచి 158 తియ్యమంటే మాత్రం 244కు బదులు 254 రాస్తుంది. వందల నుంచి తెచ్చిన అప్పులో ఒక పది ఒకట్లకు ఇచ్చేశాక పదుల్లో తొమ్మిదే మిగులుతాయి. ఆ పాప పదీ ఉన్నాయనుకుంది. ‘మధ్యలో సున్నా ఉన్న సంఖ్యల దగ్గర ఇంకొంచెం సాధన కావాలి’ అన్న ఒక్క వాక్యం ఆ పాపకు ‘గుడ్’ కన్నా ఎంతో మేలు.

ఎ ప్లస్ వచ్చిన పాప కార్డు మీద ‘ఎక్సలెంట్’ అని రాసి వదిలేయడం కూడా అన్యాయమే. ‘రాము దగ్గర 45 గోళీలున్నాయి. అవి రవి గోళీల కన్నా 18 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని?’ అని అడిగితే, ‘ఎక్కువ’ అన్న మాట వినగానే కూడేసి 63 అనవచ్చు. రావలసింది 27. ‘లెక్కలు వేగంగా, సరిగా చేస్తుంది. మాటల్లో ఇచ్చిన లెక్కను పూర్తిగా చదివి, ఏం అడిగారో తన మాటల్లో చెప్పాక చెయ్యమనండి’ అని రాస్తే ఆ పాపకూ పని దొరుకుతుంది.

అన్నిటికన్నా కష్టం, మూడో తరగతికి వచ్చినా పాఠం చదవలేని పిల్లవాడి కార్డు. ‘జూన్‌లో అక్షరాలు గుర్తుపట్టడానికే ఆగేవాడు. ఇప్పుడు పలక, వల లాంటి పదాలు సొంతంగా చదువుతున్నాడు. పాఠం చదవాలంటే గుణింతాలు, వత్తులు ఇంకా రావాలి.’ చివరి వాక్యం తీసేస్తే తల్లిదండ్రులను మోసం చేసినట్టే. మొదటి రెండూ తీసేస్తే ఆ బిడ్డ పడ్డ కష్టాన్ని కాదన్నట్టే. ‘సోమరి’, ‘మొద్దు’ లాంటి మాటలు అసలు వద్దు. అవి ఏం చెయ్యాలో చెప్పవు, పిల్లవాడు మాత్రం వాటిని జీవితాంతం మోస్తాడు.

ఇవన్నీ కార్డులు ఇచ్చే ముందు రోజు రాత్రి గుర్తుకు రావు. ఒక నోటుబుక్కులో పిల్లకో పేజీ పెట్టి, రోజుకు ఐదుగురి పని చూసి, తేదీ వేసి, తప్పును ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటే ముప్ఫై మంది తరగతి వారంలో ఒక చుట్టు పూర్తవుతుంది. రాసేటప్పుడు ‘అభ్యసన సామర్థ్యాలు’ లాంటి మాటలు ఆ నోటుబుక్కులోనే ఉంచేయాలి. చదవడం రాని అమ్మానాన్నలకు తల్లిదండ్రుల సమావేశం రోజున కార్డు చదివి వినిపించి, పుల్లల కట్ట విప్పి చూపించాలి.

తర్వాతి కార్డు రాసేటప్పుడు పాతది పక్కన పెట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టాలి: ‘పోయినసారి చెప్పిన అప్పు తీసివేతలు ఇప్పుడు కాగితం మీదే చేస్తున్నాడు. మధ్యలో సున్నా వస్తే మాత్రం ఇంకా పుల్లలు అడుగుతున్నాడు.’