పాత పద్దుల్ని ఎక్కడ పెట్టాలి?

రాత్రి పది గంటలకు మొదలైన బ్యాకప్ మర్నాడు తొమ్మిదిన్నర దాటినా నడుస్తూనే ఉంది. సరుకు ఎక్కించుకున్న లారీలు గేటు దగ్గర ఆగిపోయాయి. బిల్లు ప్రింటవ్వడానికి పావుగంట పడుతోంది. 2024 వేసవిలో హైదరాబాద్ శివార్లలోని ఓ పైపుల ఫ్యాక్టరీ నుంచి నాకు ఫోన్ వచ్చింది అందుకే. ఎస్ఏపీ వాడే కంపెనీలకు డేటాబేస్ పని చూసిపెట్టడం నా వృత్తి.

"2008 నుంచి పేరుకుపోయింది సార్. పాతదంతా తీసి పారెయ్యండి, ఎవరిక్కావాలి?" అన్నారు జీఎం గారు. పక్కనే కూర్చున్న అకౌంట్స్ పెద్దాయన ముఖం మాడిపోయింది. "అంత తేలిగ్గా అంటే ఎలాగండీ? ఒక్క వోచరు కనబడకపోయినా ఆడిటర్ పట్టుకునేది నన్నే" అన్నారు.

నిజానికి ఇద్దరూ చెప్పింది సరైనదే. కాకపోతే వాళ్లు మాట్లాడుతున్నది రెండు వేరువేరు గడువుల గురించి. ఒక పద్దు రోజూ వాడే డేటాబేస్‌లో ఎన్నాళ్లు ఉండాలన్నది మొదటిది. అసలు ఎన్నాళ్లు భద్రంగా ఉండాలన్నది రెండోది. చట్టానికి పట్టేది రెండోదే. మొదటిది మన అవసరాన్ని బట్టి మనమే పెట్టుకోవాలి. ఆర్కైవ్ అంటే చెరిపెయ్యడం కాదు. ముందుగదిలోని బీరువాలో ఉన్న కట్టల్ని వెనకగదిలోకి మార్చడం, అంతే.

ముందు ఏ కట్ట ఎంత చోటు తింటోందో చూద్దామని DB02 తెరిచాను. జీఎం గారు అనుకున్నట్టు పాత బిల్లులు కాదు మొదటి స్థానంలో ఉన్నవి. డీలర్ల సిస్టంతో, గోడౌన్ సిస్టంతో ఇచ్చిపుచ్చుకున్న ఐడాక్ సందేశాలు కొండలా ఉన్నాయి. వాటి తరవాత ప్రోగ్రాములు రాసుకునే లాగులు. పని ముగిసిన ఐడాక్‌ను ఏడాది దాటాక ఎవరూ తెరవడం లేదు. దాన్నుంచి పుట్టిన ఆర్డరు, బిల్లు విడిగా ఉండనే ఉన్నాయి. ఈ రెండిటినీ కదిలిస్తేనే సగం బరువు తగ్గుతుందని తేలింది.

మూడో స్థానంలో ఉన్నది CDPOS అనే టేబుల్. దాని దగ్గర నేను ఆగాను. ఎవరు, ఎప్పుడు, దేన్ని, ఎలా మార్చారో అందులో ఉంటుంది. సప్లయర్ బ్యాంకు ఖాతా నంబరు మార్చినా ఆ జాడ అక్కడే మిగులుతుంది. దీన్ని కూడా లాగులతో కలిపి ఊడ్చేసిన చోట్లు నేను చూశాను. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ సదుపాయాన్ని ఆపడానికి వీల్లేదు. ఆ నమోదును కాపాడారో లేదో ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి. కాబట్టి పద్దుకు ఎంత గడువో దాని మార్పుల చిట్టాకూ అంతే గడువు పెట్టాం.

ఇక గడువుల లెక్క. కంపెనీల చట్టం 2013లోని 128వ సెక్షన్ ప్రకారం, నడుస్తున్న సంవత్సరానికి ముందున్న ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు ఉండాలి. 2018-19నే తీసుకోండి. 2026-27కి ముందున్న ఎనిమిదిలో అది చిట్టచివరిది. అంటే 2027 మార్చి 31 దాకా దాన్ని కదిలించకూడదు. జీఎస్టీ లెక్క ఇలా ఉండదు. ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కపెట్టాలి. 2018-19 రిటర్ను గడువు పొడిగిస్తూ పోయి 2020 డిసెంబర్ 31కి చేరింది కాబట్టి 2026 డిసెంబర్ 31 దాకా. రెండిటిలో దూరంగా ఉన్న తేదీ మనది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పెద్దాయన గొంతు సవరించుకుని, "ఆ ఏడాది మీదే జీఎస్టీ నోటీసు వచ్చిందండీ. అప్పీలుకి వెళ్లాం" అన్నారు. సీజీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, అప్పీలులో ఉన్న విషయానికి సంబంధించిన లెక్కల్ని అది పూర్తిగా తేలిన తరవాత ఇంకో ఏడాది ఉంచాలి. 72 నెలలు అంతకన్నా తరవాత ముగిస్తే అప్పటిదాకా. అంటే ఆ కట్టకు ఆఖరి తేదీ వెయ్యడం కుదరదు.

అందుకే ఆర్కైవ్ ఫైళ్లను ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరంగా విడివిడిగా రాయించాను. చాలామంది పదేళ్లవి ఒకేసారి ఇచ్చేస్తారు, పని త్వరగా అవుతుందని. ఆర్కైవ్ ఫైల్లోంచి కొన్ని పద్దుల్ని మాత్రం తర్వాత చింపి తియ్యలేం. ఒక్క 2018-19 కోసం మొత్తం కట్టని ఏళ్ల తరబడి మోయాల్సి వస్తుంది.

డేటాబేస్‌లో నడుస్తున్న ఏడాదీ, దానికి ముందు రెండేళ్లూ ఉంచాం. క్రెడిట్ నోట్లు, సరుకు వాపసులు అంతకన్నా వెనక్కి పోవడం లేదని పెద్దాయన చెప్పారు. మిగిలినవాటికి SARAలో FI_DOCUMNT పెట్టి మొదట ఉత్తుత్తి రన్ నడిపాం. 2013-14లో దాదాపు ఐదో వంతు పద్దులు కదలమని మొండికేశాయి. కారణం సాఫ్ట్‌వేర్‌లో లేదు. సప్లయర్లకిచ్చి సర్దుబాటు చెయ్యని అడ్వాన్సులు, సరుకు వచ్చినా బిల్లు రాని రశీదులు తెరిచే ఉన్నాయి. ముగియని పద్దుని ఆర్కైవ్ ముట్టుకోదు. ఒక్కొక్కటీ విప్పి సరిచేయడానికి అకౌంట్స్ వాళ్లకి ఏడు వారాలు పట్టింది. నా పని అందులో నాలుగో వంతు కూడా లేదు.

అసలు రన్‌లో ముందు ఫైలు రాయిస్తాం, దాన్ని వేరే చోట భద్రపరిచి బ్యాకప్ తీస్తాం, తరవాతే డేటాబేస్ నుంచి తొలగింపు. ఆ ఫైళ్లూ లెక్కల పుస్తకాలే. ఎలక్ట్రానిక్ పుస్తకాల బ్యాకప్ ప్రతిరోజూ మన దేశంలోని సర్వర్లో ఉండాలని కంపెనీల లెక్కల నిబంధనలు చెబుతున్నాయి. చవగ్గా వస్తోందని విదేశంలో చూసిన స్టోరేజీని అందుకే వదులుకున్నాం.

తొలగింపు ముగిసిన రోజు జీఎం గారు స్క్రీన్ చూసి, "సైజు అంతే ఉందేంటండీ?" అని నిలదీశారు. వాళ్ల ఒరాకిల్ డేటాబేస్‌లో పద్దులు పోయినా టేబుల్ ఆక్రమించిన చోటు దాని పేరునే ఉంటుంది, కొత్త పద్దులు వచ్చి అందులో కూర్చుంటాయి. చోటు నిజంగా వెనక్కి రావాలంటే టేబుళ్లని తిరగరాయాలి. రెండు ఆదివారాలు ఆ పని చేశాక 3.1 టీబీ కాస్తా 1.4కి దిగింది. బ్యాకప్ తెల్లవారుజామున మూడింటికే ముగుస్తోంది.

2008 నుంచి 2015-16 వరకూ ఉన్న కట్టలకి ఎనిమిదేళ్లూ నిండాయి. జీఎం గారు వాటిని చెరిపెయ్యమన్నారు. 2011లో కొన్న యంత్రాల మీద ఇంకా తరుగు లెక్క నడుస్తోంది, వాటి బిల్లులు ఆ కట్టల్లోనే ఉన్నాయి. వాటి జాబితా తయారయ్యేదాకా ఏదీ చెరపొద్దని నేనూ పెద్దాయనా ఒక్కటయ్యాం.

ఆర్నెల్లకి పెద్దాయన ఫోన్ చేశారు. అప్పీలు చూస్తున్న లాయరు 2018-19 కొనుగోలు బిల్లు ఒకటి అడిగారట. FB03లో నంబరు కొడితే పద్దు లేదంటోంది. నా గుండె జారింది. SARIలో చూస్తే ఆ ఏడాది ఫైలుకి వెతుకులాట సూచిక నింపనే లేదు. ఫైలు ఉంది, దారే లేదు. తప్పు నాదే. మిగిలిన సంవత్సరాలకి పది పద్దులు చొప్పున తెరిచి చూశాను, ఆ ఒక్కదాన్నీ ఎలా వదిలేశానో ఇప్పటికీ తెలీదు. సూచిక నింపాక బిల్లు, దాని వెనకున్న చెల్లింపు రెండూ తెరుచుకున్నాయి.

లాయరుకి ప్రింటు పంపించి, పెద్దాయన తన చేతిరాత రిజిస్టర్లో 2018-19 ఎదురుగా ఎర్ర పెన్నుతో "ముట్టుకోవద్దు" అని రాసుకున్నారు.