రెజ్యూమెలో అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

“ఏపీఐల తయారీ, నిర్వహణ బాధ్యతలు చూశాను.” బ్యాకెండ్ ఉద్యోగాల కోసం వచ్చే రెజ్యూమెల్లో ఈ వాక్యం ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఒకే బృందంలో కష్టపడి పనిచేసినవారూ, రోజులు నెట్టుకొచ్చినవారూ దీన్నే రాసుకోవచ్చు. చదివేవారికి ఇద్దరికీ తేడా తెలియదు.

గూగుల్ మానవ వనరుల విభాగానికి సారథ్యం వహించిన లాస్లో బాక్ 2014లో దీనికో సూత్రం చెప్పారు. ఏం సాధించారు, దాన్ని దేనితో కొలిచారు, అందుకు ఏం చేశారు అనే మూడూ ఒకే వాక్యంలో ఉండాలన్నారు.

హైదరాబాద్‌లో ఒక ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలో మూడేళ్లుగా పనిచేస్తున్న యువతి పై వాక్యమే రాసుకుందనుకుందాం. ‘ఆ ఏపీఐలలో ఏది బాగుపడింది?’ అని అడిగితే, పాత ఆర్డర్లు చూపే పేజీ గుర్తొస్తుంది. అది చాలా నెమ్మదిగా తెరుచుకునేది. ఆమె ఆ క్వెరీని `EXPLAIN`తో పరిశీలిస్తే, ఒక్క కస్టమర్ ఆర్డర్ల కోసం డేటాబేస్ మొత్తం పట్టికను వెతుకుతోందని తేలింది. `customer_id`, `created_at` కాలమ్‌లను కలిపి ఒక ఇండెక్స్ పెట్టింది. అంతకుముందు నూటికి 95 అభ్యర్థనలు 4.2 సెకన్లలోపు పూర్తయ్యేవి. ఆ తర్వాత 0.6 సెకన్లలోపే పూర్తయ్యాయి. ఈ కొలతనే ఇంజినీర్లు పీ95 అంటారు. ఇప్పుడు వాక్యం ఇలా మారుతుంది: “ఆర్డర్ల పట్టికకు ఉమ్మడి ఇండెక్స్ జోడించి, పాత ఆర్డర్ల పేజీ పీ95 సమయాన్ని 4.2 సెకన్ల నుంచి 0.6 సెకన్లకు తగ్గించాను.”

‘సమయం 86 శాతం తగ్గింపు’ అని రాస్తే ఇంత బలం ఉండదు. 70 మిల్లీసెకన్లు 10కి తగ్గినా అదే శాతం వస్తుంది, ఆ తేడా వాడేవారి కంటికి ఆనదు. రెండు అంకెలూ ఒకే రకమైన రద్దీలో తీసినవై ఉండటం కూడా ముఖ్యం. దీపావళి సేల్ రోజును మామూలు మంగళవారంతో పోల్చితే, ‘ఎలా కొలిచారు?’ అన్న మొదటి ప్రశ్నకే ఇంటర్వ్యూలో వాక్యం కూలిపోతుంది.

అన్ని పనులకూ సెకన్ల లెక్క ఉండదు. రెండు గంటలు చేత్తో చేసే రిలీజ్‌ను జెంకిన్స్ పైప్‌లైన్‌తో 20 నిమిషాలకు తెచ్చినా అది కొలతే. ముగ్గురు కలిసి చేసిన పనైతే ఆ మాట రాయాలి. క్లయింట్ అంకెలు గోప్యమైతే ‘ఏడో వంతుకు తగ్గించాను’ అనొచ్చు. గుర్తులేని అంకెను మాత్రం ఊహించి రాయకూడదు. పాత జిరా టికెట్లు, రిలీజ్ నోట్సు, అప్రైజల్ పత్రాల్లో అది దొరకవచ్చు.

గ్రాఫుల్లో మాత్రం చాలాసార్లు దొరకదు. చాలా సంస్థలు వాడే ప్రోమీథియస్, సెట్టింగ్ మార్చకపోతే, 15 రోజుల డేటానే ఉంచుతుంది. అందుకే ‘ముందు’ అంకెను మార్పు విడుదల చేసే రోజునే టికెట్‌లో రాసిపెట్టుకోవాలి.